ఒకే చోట పుట్టే రెండు లింఫోమాలు

లింఫోమా అని రిపోర్టు చేతికి రాగానే ఇంట్లోవాళ్లు డాక్టరును అడిగే మొదటి మాట, "ఎన్నో స్టేజీ సార్?" అని. చాలా క్యాన్సర్లకు ఆ ప్రశ్న సరైనదే. లింఫోమాకు మాత్రం అంతకన్నా ముందు అడగాల్సింది వేరే ఉంది: ఏ రకం? నాలుగో స్టేజీ ఫాలిక్యులర్ లింఫోమా ఉన్న మనిషి మందే లేకుండా ఏళ్ల తరబడి తన పని తాను చేసుకుంటూ తిరగొచ్చు. డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా రెండో స్టేజీలోనే బయటపడినా, వైద్యం చేయించకపోతే నెలల్లో ప్రాణం తీస్తుంది. విచిత్రమేమిటంటే, నెలల్లో ప్రాణం తీసేదాన్నే చాలామందిలో పూర్తిగా నయం చేయగలుగుతున్నారు. ఏళ్ల తరబడి ఊరుకునేదాన్ని మాత్రం ఒంట్లోంచి పూర్తిగా వెళ్లగొట్టడం కష్టం.

రెండో దాని పేరు పొడుగు కాబట్టి డాక్టర్లు డీఎల్‌బీసీఎల్ అంటారు. మనమూ అలాగే అనుకుందాం. ఈ రెండింటికీ తేడా తెలియాలంటే అవి పుట్టే చోటును ముందు చూడాలి.

బి కణాలు తెల్ల రక్తకణాల్లో ఒక రకం. క్రిములను పట్టే యాంటీబాడీలను తయారుచేయడం వాటి పని. గొంతు నొప్పి వచ్చినప్పుడు దవడ కింద బిళ్ళ కడుతుంది కదా, ఆ బిళ్ళ ఒక లింఫ్ గ్రంథి. ఆ సమయంలో దాని లోపల గుండ్రటి చిన్న గూళ్లు ఏర్పడతాయి. వాటిని జెర్మినల్ సెంటర్లు అంటారు. అక్కడ బి కణాలు కొన్ని గంటలకోసారి రెండుగా చీలుతుంటాయి. చీలుతూనే తమ యాంటీబాడీ జన్యువులో తామే మార్పులు చేసుకుంటాయి. ఆ మార్పులతో క్రిమిని మరింత గట్టిగా పట్టుకోగలిగిన కణాలు బతుకుతాయి. తక్కినవి, అంటే ఎక్కువ భాగం, అక్కడికక్కడే చచ్చిపోతాయి. ఇలా చచ్చిపోవడానికి వీలుగా ఆ గూటిలో ఉన్నంతసేపూ బి కణాలు తమను చావు నుంచి కాపాడే బీసీఎల్2 అనే ప్రొటీను తయారీని ఆపేసుకుంటాయి.

అంత వేగంగా చీలడం, అదే సమయంలో సొంత డీఎన్‌ఏను కోసుకోవడం ఒంట్లో ఇంకెక్కడ జరిగినా ప్రమాదమే. రోగనిరోధక శక్తి కోసం శరీరం ఆ ప్రమాదాన్ని ఇక్కడ ఒప్పుకుంది. బి కణాల లింఫోమాల్లో ఎక్కువ భాగం ఈ గూటిలోంచో, ఇందులోంచి అప్పుడే బయటపడిన కణాల్లోంచో పుట్టడానికి కారణం అదే.

ఫాలిక్యులర్ లింఫోమా కథ మాత్రం ఇంకాస్త ముందే, ఎముక మూలుగలో మొదలవుతుంది. బి కణం అక్కడ తయారయ్యేటప్పుడు 14వ క్రోమోజోములోని యాంటీబాడీ జన్యువు ముక్కలు తెగి, కొత్త వరసలో అతుక్కుంటాయి. ఎప్పుడో ఒకసారి ఆ అతుకు తప్పుతుంది. 18వ క్రోమోజోములో ఉండే బీసీఎల్2 జన్యువు వచ్చి 14వ దానికి అంటుకుంటుంది. రిపోర్టులో t(14;18) అని రాసేది దీన్నే. పాశ్చాత్య దేశాల రోగుల్లో సుమారు 85 శాతం మందిలో ఇది కనిపిస్తుంది. యాంటీబాడీ జన్యువు బి కణంలో ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి, దాని పక్కన చేరిన బీసీఎల్2 కూడా ఇక ఆగదు. గూటిలోకి వెళ్లాక చావాల్సిన కణం చావదు.

ఈ జన్యువును 1984లో అమెరికాలో యోషిహిదే సుజిమోటో, కార్లో క్రోచే గుర్తించారు. అప్పటికి తెలిసిన క్యాన్సర్ జన్యువులన్నీ కణాన్ని చీలమని తొందరపెట్టేవే. ఇదీ అలాంటిదేనని అంతా అనుకున్నారు. 1988లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో డేవిడ్ వాక్స్, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్ దాన్ని కణాల్లో పెట్టి చూశారు. కణాలు వేగంగా పెరగలేదు. బతకడానికి కావాల్సిన పదార్థాలు తీసేసినా చావలేదు, అంతే. కణం చావకపోవడం కూడా క్యాన్సరుకు దారి తీస్తుందని తెలిసింది అప్పుడే. నా దృష్టిలో లింఫోమా పరిశోధనలో ఇంతకన్నా గొప్ప మలుపు లేదు.

అయితే ఈ తప్పు అతుకు ఒక్కటే ఉంటే జబ్బు రాదు. బాగా సున్నితమైన పరీక్షతో వెతికితే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో చాలామంది రక్తంలో ఇలాంటి కణాలు అరుదుగానైనా దొరుకుతాయి. వాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా లింఫోమా ఎన్నడూ రాదు. 2012లో ఒక కేసు గురించి పరిశోధకులు రాశారు. ఒకరు తమ తోబుట్టువుకు మూలుగ దానం చేశారు. కొన్నేళ్ల తర్వాత ఇచ్చినవారికీ, పుచ్చుకున్నవారికీ ఇద్దరికీ ఫాలిక్యులర్ లింఫోమా వచ్చింది. జన్యువులు పోల్చి చూస్తే రెండు జబ్బులకూ మూలం ఒకే కణం. అంటే దానం నాటికే ఆ మూలకణం దాత ఒంట్లో చప్పుడు లేకుండా ఉంది. అది ఇద్దరిలోనూ వేర్వేరుగా ఏళ్లపాటు అదనపు మార్పులు పోగేసుకున్నాకే జబ్బయింది.

ఆ అదనపు మార్పుల్లో ఎక్కువగా కనిపించేవి కేఎంటీ2డీ, క్రెబ్‌బీపీ, ఈజెడ్‌హెచ్2 అనే జన్యువుల్లో వస్తాయి. ఏ జన్యువు తెరుచుకోవాలి, ఏది మూసుకోవాలి అని నిర్ణయించే జన్యువులివి. వీటిలో క్రెబ్‌బీపీ చెడినప్పుడు జరిగేది గమనించదగ్గది. బి కణం తనలో ఏముందో టి కణాలకు చూపించే ఏర్పాటు సన్నగిల్లుతుంది. అలా క్యాన్సర్ కణం రోగనిరోధక వ్యవస్థ కంట పడకుండా మసులుతుంది. చుట్టూ ఉన్న టి కణాల ఆసరాతోనే అది బతుకుతుంది, వాటి మీద ఆధారపడినంతకాలం విచ్చలవిడిగా పెరగలేదు కూడా.

డీఎల్‌బీసీఎల్‌కు ఇలా అందరిలో కనిపించే ఒక్క గుర్తు లేదు. 2000లో ఆష్ అలిజాదే, లూయిస్ స్టాడ్ బృందం కణాల్లో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూసి, మైక్రోస్కోపులో ఒకేలా కనిపించే ఈ జబ్బు నిజానికి కనీసం రెండని చూపించింది. ఒకటి జెర్మినల్ సెంటర్ కణాన్ని పోలినది. ఇందులో t(14;18), ఈజెడ్‌హెచ్2 మార్పులు కొందరిలో కనిపిస్తాయి, అంటే ఇది ఫాలిక్యులర్‌కు దగ్గరి చుట్టం. రెండోది గూడు దాటి, యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణంగా మారబోతూ మధ్యలో ఆగిపోయిన కణాన్ని పోలినది. దీన్ని యాక్టివేటెడ్ రకం అంటారు. క్రిమి తగిలినప్పుడు మాత్రమే వెళ్లాల్సిన 'పెరుగు, బతుకు' అన్న సంకేతం ఇందులో క్రిమి లేకుండానే ఎడతెగకుండా వెళ్తుంటుంది. ఎంవైడీ88, సీడీ79బీ జన్యువుల్లోని మార్పులు ఆ పని చేస్తాయి. సగటున ఈ రెండో రకం మామూలు చికిత్సకు కాస్త తక్కువగా లొంగుతుంది. ఇవి కాక, 10 నుంచి 15 శాతం మందిలో మిక్ అనే జన్యువు కూడా తెగి వేరే చోట అతుక్కుంటుంది. కణాన్ని చీలమని తరిమే జన్యువుల్లో ఇది బాగా బలమైనది. మిక్, బీసీఎల్2 రెండూ అలా చెడితే డబుల్ హిట్ అంటారు. అప్పుడు జబ్బు మరీ మొండిగా ఉంటుంది కాబట్టి చాలాచోట్ల చికిత్సను ఇంకా గట్టిగా ఇస్తారు.

తొట్టిలో నీళ్లు పెరగడానికి రెండు దారులున్నాయి. అడుగు కన్నం మూసుకుపోతే, కుళాయి సన్నగా కారుతున్నా మట్టం మెల్లగా పైకి వస్తుంది. కుళాయే పూర్తిగా తిరిగితే చూస్తుండగానే పొంగుతుంది. ఫాలిక్యులర్ ఎక్కువగా మొదటి దారి, డీఎల్‌బీసీఎల్ రెండో దారి. బయాప్సీ రిపోర్టులో కీ67 అని ఒక శాతం ఉంటుంది. ఆ సమయంలో ఎన్ని కణాలు చీలే పనిలో ఉన్నాయో అది చెబుతుంది. ఫాలిక్యులర్‌లో అది మామూలుగా 10, 20 శాతం దగ్గర ఉంటుంది. డీఎల్‌బీసీఎల్‌లో సాధారణంగా 40 దాటుతుంది, 80, 90 ఉండటమూ కొత్త కాదు.

ఇదంతా రోగి ఒంట్లో ఎలా కనిపిస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది ఒక్క మనిషి కథ కాదు, డాక్టర్లు మళ్లీ మళ్లీ చూసే తీరును కూర్చి చెబుతున్నది.

ఆయనకు 57 ఏళ్లు. గడ్డం గీసుకుంటుంటే మెడ పక్కన బిళ్ళ తగిలింది. నొప్పి లేదు, జ్వరం లేదు. రెండు నెలలకు కాస్త తగ్గినట్టు అనిపించి వదిలేశారు. మళ్లీ పెరిగింది, గజ్జల్లోనూ ఇంకోటి కట్టింది. ఇలా ఏడాదిన్నర గడిచాక పిల్లల పోరు పడలేక డాక్టరు దగ్గరకు వెళ్లారు. ఇలా పెరిగి తగ్గుతూ, నొప్పి లేకుండా, మనిషిని ఏమీ అనకుండా ఉండటం ఫాలిక్యులర్ తీరు. స్కానులో మెడ, చంకలు, కడుపులో గ్రంథులు ఉబ్బి కనిపించాయి. మూలుగ పరీక్షలోనూ లింఫోమా కణాలు దొరికాయి. మూలుగకు చేరిందంటే నాలుగో స్టేజీ. ఇంట్లో ఏడుపులు. కానీ ఈ రోగుల్లో సగం మందికి పైగా, జబ్బు బయటపడే నాటికే మూలుగలో ఉంటుంది. ఈ కణాలు పుట్టుకతోనే ఒళ్లంతా తిరిగే జాతి కాబట్టి ఆ అంకె ఇక్కడ అంత భయపెట్టేది కాదు.

మెడలోని గ్రంథిని మొత్తంగా తీసి పరీక్షకు పంపారు. మైక్రోస్కోపు కింద గ్రంథి నిండా గుండ్రటి గూళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి. మామూలు ఇన్ఫెక్షన్‌లోనూ గూళ్లు ఏర్పడతాయి కాబట్టి అంతటితో తేలదు. బీసీఎల్2 ప్రొటీనుకు అంటుకునే గోధుమరంగు అద్దకం వేశారు. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిన గూడైతే మధ్యభాగం రంగు పట్టకుండా ఖాళీగా ఉండాలి. ఈయన గూళ్లు నిండా గోధుమరంగు తిరిగాయి. చావాల్సిన చోట కణాలు చావడం లేదన్నమాట, కంటికి కనిపించేలా. కీ67 15 శాతం.

డాక్టరు ఇప్పుడే మందు అక్కర్లేదన్నారు. "క్యాన్సరని చెప్పి మందు లేకుండా పంపిస్తే ఎలా డాక్టరు గారూ?" అని కొడుకు నిలదీశాడు. నిలదీయడం న్యాయమే. దీనికి జవాబు ఉంది. రోగలక్షణాలు లేని ఇలాంటి రోగులకు వెంటనే కీమో మాత్రలు మొదలుపెడితే మేలా, అవసరం పడేదాకా ఆగితే మేలా అని బ్రిటన్‌లో ఏళ్లపాటు పోల్చి చూశారు. 2003లో వెలువడిన ఆ ఫలితాల్లో రెండు వర్గాలూ బతికిన కాలం ఒకటే. ఆగిన వాళ్లలో కొందరికి పదేళ్లయినా మందు అవసరమే రాలేదు. ఎప్పటిదాకా ఆగొచ్చో చెప్పే గీతలూ ఉన్నాయి: ఏ గ్రంథీ 7 సెంటీమీటర్లు దాటకూడదు, వేర్వేరు చోట్ల మూడు గ్రంథులు 3 సెంటీమీటర్లకు మించకూడదు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉండకూడదు, రక్తకణాలు పడిపోకూడదు. ఈయన అన్నిటికీ ఇవతలే ఉన్నారు. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు.

డీఎల్‌బీసీఎల్ నేరుగా వచ్చినప్పుడు కథ ఇలా సాగదు. నెలన్నరలో మెడలో గడ్డ నిమ్మకాయంత అవుతుంది. తడిసి ముద్దయ్యేలా రాత్రి చెమటలు పట్టొచ్చు, ఆరు నెలల్లో ఒంటి బరువులో పదో వంతు పోవచ్చు. సుమారు 40 శాతం మందిలో జబ్బు గ్రంథుల బయట, అంటే కడుపు, టాన్సిల్, వృషణం, ఎముక, మెదడు లాంటి చోట మొదలవుతుంది. అందుకే కొందరు కడుపునొప్పి అని గ్యాస్ట్రో డాక్టరు దగ్గరకు, ఇంకొందరు గొంతులో అడ్డం అని ఈఎన్‌టీ దగ్గరకు వెళ్తారు. రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైము చాలామందిలో పెరిగి ఉంటుంది.

మన దగ్గర ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. మెడలో బిళ్ళ, జ్వరం, బరువు తగ్గడం అనగానే టీబీ గుర్తుకొస్తుంది. టీబీ మన దేశంలో అంత ఎక్కువ కాబట్టి ఆ అనుమానం తప్పు కాదు. కానీ సన్నటి సూదితో నాలుగు కణాలు లాగి చూసి, సరిగ్గా తేలకపోయినా టీబీ మందులు మొదలుపెట్టేస్తే, డీఎల్‌బీసీఎల్ రోగికి ఆ రెండు మూడు నెలలు చాలా ఖరీదైనవి. సూది పరీక్షకు ఉన్న పరిమితి గురించి పైన చెప్పిన కథే చెబుతుంది. ఫాలిక్యులర్‌ను గుర్తుపట్టింది గూళ్ల అమరిక చూసి. డీఎల్‌బీసీఎల్‌ను గుర్తుపట్టేది ఏ అమరికా లేకుండా పెద్ద కణాలు చాపలా పరుచుకుపోవడం చూసి. సూదిలోకి వచ్చేవి విడివిడి కణాలు, అమరిక రాదు. గ్రంథినే తీయాలి, లేదా లావుపాటి సూదితో ఒక ముక్కయినా తీయాలి. మరో సంగతి: ముక్క తీయకముందే వాపు తగ్గడానికని స్టెరాయిడ్ ఇస్తే లింఫోమా కణాలు కొన్ని రోజుల్లోనే చచ్చి గడ్డ కరిగిపోతుంది. రోగి సంతోషిస్తాడు. ఆ తర్వాత తీసిన ముక్కలో మాత్రం ఏమీ తేలదు. కొన్ని వారాల్లో గడ్డ తిరిగొస్తుంది. టీబీ మందులు వాడుతున్నా బిళ్ళ పెరుగుతూనే ఉంటే గ్రంథి తీసి పరీక్ష చేయమని రోగి తరఫువాళ్లే అడగొచ్చు, అడగాలి.

మన పెద్దాయన సంగతికి వద్దాం. నాలుగేళ్లు బాగానే గడిచాయి. ఐదో ఏడు ఎడమ చంకలోని గడ్డ ఒక్కటే నెల రోజుల్లో రెట్టింపయింది. నాలుగు నెలల్లో బరువు 72 కిలోల నుంచి 63కు దిగింది. సాయంత్రం జ్వరం వచ్చేది. ఎల్‌డీహెచ్ మామూలు కన్నా మూడు రెట్లు. ఫాలిక్యులర్ ఉన్నవాళ్లలో ఏడాదికి నూటికి ఇద్దరు ముగ్గురిలో అది డీఎల్‌బీసీఎల్‌గా మారుతుంది. మిగతా గ్రంథులు నిదానంగా ఉండి ఒక్కటి మాత్రం పరుగెత్తడం దాని గుర్తు.

పెట్ స్కాను ఇక్కడ పనికొస్తుంది. వేగంగా పెరిగే కణాలు గ్లూకోజును ఎక్కువ లాగుతాయి కాబట్టి స్కానులో బాగా వెలుగుతాయి. ఈయనకు మిగతా గ్రంథులన్నీ 5, 6 దగ్గర ఉంటే చంకలోది 24 చూపించింది. ముక్క అక్కడినుంచే తీశారు. చేతికి తేలిగ్గా అందుతుందని మెడలోని పాత బిళ్ళ తీసి ఉంటే మళ్లీ ఫాలిక్యులర్ అనే రిపోర్టు వచ్చేది, అసలు జబ్బు తప్పించుకునేది. చంకలోని ముక్కలో గూళ్లు చెరిగిపోయి పెద్ద కణాలు గంపగుత్తగా ఉన్నాయి. కీ67 90 శాతం. t(14;18) అలాగే ఉంది, పాత జబ్బులోంచే ఇది పుట్టిందనడానికి సాక్ష్యంగా. మిక్ తెగిందా అని చూశారు, తెగలేదు. ఇలా మారేటప్పుడు మిక్ చెలరేగడమో, చీలే కణానికి అడ్డుపడే టీపీ53, సీడీకేఎన్2ఏ లాంటి జన్యువులు పోవడమో తరచుగా కనిపిస్తుంది. తొట్టి కన్నం ముందే మూసి ఉంది, ఇప్పుడు కుళాయి కూడా తిరిగింది.

ఇక ఆగే ప్రశ్న లేదు. ఆర్-చాప్ మొదలుపెట్టారు. రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ, మూడు కీమో ఇంజెక్షన్లు, ఐదు రోజులు ప్రెడ్నిసొలోన్ మాత్రలు. 21 రోజులకోసారి, ఆరుసార్లు. నేరుగా వచ్చిన డీఎల్‌బీసీఎల్‌లో ఈ చికిత్సతో పదిమందిలో సుమారు ఆరుగురికి పూర్తిగా నయమవుతుంది. బి కణాల మీద ఉండే సీడీ20 అనే గుర్తును పట్టుకునే రిటుక్సిమాబ్ 1997లో అమెరికాలో అనుమతి పొందింది. మొదట్లో మన రోగులకు అందుబాటులో లేని ధర. 2007లో హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ రెడిటక్స్ పేరుతో తక్కువ ధరకు తయారుచేసి విడుదల చేయడంతో మన ఆసుపత్రుల్లో దీని వాడకం పెరిగింది. ఈ మందు ఇచ్చేముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పకుండా చేయాలి. ఎప్పుడో వచ్చిపోయి కాలేయంలో దాక్కున్న వైరస్ దీనివల్ల తిరగబెట్టి ప్రాణం మీదకు తెస్తుంది.

వేగంగా పెరిగేదే ఎక్కువగా ఎందుకు నయమవుతుందంటే, కీమో మందులు చాలావరకు చీలుతున్న కణాన్నే దెబ్బతీస్తాయి. డీఎల్‌బీసీఎల్‌లో వందకు 80 కణాలు చీలే పనిలో ఉన్నప్పుడు మందుకు దొరికేవీ అన్ని ఉంటాయి. ఫాలిక్యులర్‌లో ఎక్కువ కణాలు చీలకుండా నిద్రలో ఉంటాయి, పైగా చావును ఆపే బీసీఎల్2 వాటికి తోడుంటుంది. మందుతో గడ్డలన్నీ కరిగినా మూలకణాలు ఎక్కడో మిగులుతాయి, ఏళ్ల తర్వాత మళ్లీ బయలుదేరతాయి. అయినా రిటుక్సిమాబ్ వచ్చాక ఫాలిక్యులర్ రోగుల్లో చాలామంది పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతున్నారు. మొదటి చికిత్స అయిన రెండేళ్లలోపే జబ్బు తిరగబెట్టిన ఐదో వంతు మంది విషయంలోనే డాక్టర్లు ఎక్కువ కలవరపడతారు.

డీఎల్‌బీసీఎల్‌లోనూ రెండేళ్లే గీత, కానీ ఇటువైపు నుంచి. చికిత్స మొదలయ్యాక రెండేళ్లు జబ్బు తిరగబెట్టకపోతే, ఆ వయసు మామూలు మనుషుల ఆయుర్దాయానికి దగ్గరగా వచ్చేసినట్టే.

పెద్దాయన ఒంట్లో ఈ రెండు లెక్కలూ కలిసి నడుస్తాయి. ఆరు విడతల తర్వాత పెట్ స్కాను శుభ్రంగా వచ్చింది. చంకలో పరుగెత్తిన డీఎల్‌బీసీఎల్ మళ్లీ రాకపోవచ్చు. దానికి తల్లివేరైన ఫాలిక్యులర్ మాత్రం మూలుగలో ఎక్కడో మిగిలి ఉండే అవకాశమే ఎక్కువ. రేపు నాలుగేళ్లకు మెడలో మళ్లీ బిళ్ళ కడితే, పాతది మెల్లగా లేచిందా, కొత్తది ఉరికిందా అన్నది చేత్తో తడిమి ఎవరూ చెప్పలేరు. అప్పుడు కూడా పెట్ స్కానులో అన్నిటికన్నా ఎక్కువ వెలిగిన చోటునుంచే ముక్క తీయించుకోవాలి.